గుళ్ళో గిన్నెలూ, నోట్లో తిట్లూ

మనకి కోపం వస్తే నోటికి ముందుగా ఏమొస్తుంది? గాడిద వస్తుంది, కుక్క వస్తుంది, దున్నపోతు వస్తుంది. కోపం ఇంకో మెట్టు ఎక్కితే ఎదుటివాడి పాడె, కాష్ఠం వస్తాయి. మరీ ఒళ్ళు మరిచిపోయినవాళ్ళు అవతలివాడి తల్లినీ, ఆలినీ లాక్కొస్తారు. అంతేగాని, గుమ్మం తలకి కొట్టుకున్నప్పుడు "ఓరి తీర్థప్పాత్రా!" అనిగాని, పాలు పొంగి స్టవ్వు మీద పడ్డప్పుడు "నైవేద్యం గిన్నె!" అనిగాని మనలో ఎవరూ అరవగా నేను వినలేదు. మీరూ విని వుండరు.

కాని అచ్చంగా ఇలాగే అరిచే జనం ఉన్నారు. వాళ్ళ తిట్లన్నీ పూజసామాను. కెనడా దేశంలో క్విబెక్ అనే పెద్ద రాష్ట్రం ఉంది. అక్కడ ఎక్కువమంది మాతృభాష ఫ్రెంచి. ఏ జాతి ఏ వస్తువుని తిట్టుగా ఎంచుకుంటుంది, ఎందుకు ఎంచుకుంటుంది అనే ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలకుండా పట్టుకుంది. లోకంలో ఉన్న తిట్లన్నిట్లోకీ ఈ క్విబెక్ వాళ్ళ తిట్లే దానికి మంచి జవాబు చెబుతాయని నాకనిపిస్తుంది. పైగా వీటిని కుటుంబమంతా కూచుని నిక్షేపంగా చదువుకోవచ్చు కూడాను!

ముందు సామాను పరిచయం చేసుకుందాం. రోమన్ కాథలిక్ చర్చిలో పూజావేదిక దగ్గర తాళం వేసి ఉండే ఒక చిన్న మందసం ఉంటుంది. దాని పేరు తబర్నాకల్. మన గర్భగుడికి ఉన్నంత పవిత్రత దానికి ఉంది. అందులో మూత ఉన్న ఒక పాత్ర ఉంటుంది. అది సిబ్వార్. ఆ పాత్రలో గోధుమపిండితో చేసిన పల్చటి గుండ్రటి అప్పాలు ఉంటాయి. ఒక్కొక్క అప్పం ఓస్తీ. పూజలో ద్రాక్షరసం పోసే గిన్నె కాలీస్. గురువు మంత్రించాక ఆ అప్పం మామూలు అప్పం కాదు, సాక్షాత్తూ క్రీస్తు శరీరమే అని కాథలిక్కుల విశ్వాసం. మన తెలుగు కాథలిక్కులు దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు.

ఇప్పుడు క్విబెక్‌లో ఒకాయన గోడకి మేకు కొడుతున్నాడనుకోండి. సుత్తి గురితప్పి బొటనవేలి మీద పడింది. నొప్పి కొంచెమే అయితే "ఓస్తీ!" అంటాడు. గట్టిగా తగిలితే "తబర్నాక్!" అంటాడు. గోరు నల్లబడిందా, ఇక ఆగడు. "ఓస్తీ ద కాలిస్ ద తబర్నాక్!" అని దండకం ఎత్తుకుంటాడు. మాటకి మాట తగిలిస్తే "మందసపు గిన్నె తాలూకు అప్పం" అని ఏదో వస్తుంది. అర్థం కోసం వెతకడం అనవసరం. మధ్యనున్న "ద" అన్నది దారం, మాటలు పూసలు. కోపం ఎంతుందో దండ అంత పొడుగు. చేతనైనవాళ్ళు దానికి సిబ్వార్‌నీ, బాప్తిస్మాన్నీ కూడా గుచ్చుతారు.

ఒక తమాషా చూడండి. చర్చిలో గురువుగారు పలికేటప్పుడు అది "తబర్నాకల్". వీధిలో తిట్టేటప్పుడు తోక తెగి "తబర్నాక్" అవుతుంది. "కాలీస్" కాస్తా "కాలిస్" అవుతుంది. రాతలో కూడా వేర్వేరు అక్షరాలతో రాస్తారు. పూజకి ఒక మాట, తిట్టుకి ఒక మాట. రెండూ ఒకే తల్లి బిడ్డలే అయినా రెంటికీ మడీ మైలా తేడా ఉంది.

అంతటితో ఊరుకున్నారా? క్రియలు కూడా తయారుచేసుకున్నారు. గిన్నె నుంచి పుట్టిన "కాలిసే" అంటే ఒక వస్తువుని విసిరి పారెయ్యడం. "దెకాలిసే" అంటే ఇక్కణ్ణించి లేచి పోవడం. "నాకేం లెక్కలేదు పో" అనడానికి కూడా ఆ గిన్నే కావాలి. ఒకడు ఒళ్ళు మండి ఉన్నాడని చెప్పాలంటే, వాడు "తబర్నాక్‌లో ఉన్నాడు" అంటారు.

ఇందులో వింత ఏమిటంటే, ఇదే ఫ్రెంచి మాట్లాడే ఫ్రాన్స్‌లో ఈ మాటలకి ఏ పదునూ లేదు. పారిస్‌లో ఎవరి మొహం మీదైనా "తబర్నాక్" అంటే వాళ్ళకి కోపం రాదు, నవ్వొస్తుంది. ఫ్రాన్స్ వాళ్ళ నోట్లో ఎక్కువగా మెదిలేవి మలానికి సంబంధించిన మాట, వేశ్యకి సంబంధించిన మాట. భాష ఒక్కటే, మతమూ ఒక్కటే. మరి తిట్లెందుకు విడిపోయాయి? దానికి చరిత్రలోకి వెళ్ళాలి.

క్విబెక్ ఒకప్పుడు ఫ్రాన్స్ రాజుగారి వలస. దైవదూషణ అంటే ఆ రోజుల్లో ఆషామాషీ వ్యవహారం కాదు. 1666లో పద్నాలుగో లూయీ రాజు ఒక శాసనం చేశాడు. దేవుణ్ణి దూషించినవాడికి మొదట జరిమానా. మళ్ళీ మళ్ళీ చేస్తే జరిమానా పెరుగుతుంది. అప్పటికీ మానకపోతే నలుగురిలో బొండకొయ్య, ఆ తర్వాత కాల్చిన ఇనుముతో పెదవి కొయ్యడం, చివరికి నాలుక కొయ్యడం. అంతంత శిక్ష ఉందీ అంటే ఆ మాటకి అంత విలువ ఉన్నట్టే కదా!

1763లో పారిస్ ఒప్పందం కింద ఫ్రాన్స్ ఈ వలసని ఇంగ్లీషు వాళ్ళకి వదులుకుంది. రాజు వెళ్ళిపోయాడు, దొరలు చాలామంది వెళ్ళిపోయారు. మిగిలింది రైతులూ, వాళ్ళ చర్చీ. కొత్త ప్రభువుల భాష వేరు, మతం వేరు. 1774లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కాథలిక్ మతానికి అభయం ఇచ్చింది. అప్పణ్ణించి ఫ్రెంచి వాళ్ళకి తమదీ అని చెప్పుకోడానికి ఉన్న పెద్ద వ్యవస్థ చర్చి ఒక్కటే అయింది. అదే వాళ్ళ భాషని కాపాడింది. కాపాడినవాడు కాపలా కూడా కాస్తాడు కదా, అదీ చేసింది.

ఆ కాపలా ఎలాంటిదో ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బడి చర్చిది, ఆస్పత్రి చర్చిది. పుట్టుకా, పెళ్ళీ, చావూ రాసుకునే చిట్టా కూడా చర్చిదే. 1875 మొదలు 1964 దాకా ఆ రాష్ట్రానికి విద్యామంత్రి అనేవాడే లేడంటే చూసుకోండి. గురువుగారు ఏటా ఇంటింటికీ వచ్చేవారు. ఒడిలో పసిపాప లేకపోతే, "ఏమమ్మా, ఈసారి ఏమీ లేదా?" అని గృహిణిని నిలదీసేవారు. పది పన్నెండు మంది పిల్లలున్న ఇళ్ళు అరుదు కాదు. "టైటానిక్" సినిమా పాటతో మన పిల్లలకి కూడా తెలిసిన గాయని సెలీన్ డియాన్ అక్కడి పిల్లే. 1968లో పుట్టింది, ఆ ఇంట్లో పద్నాలుగో బిడ్డ. క్విబెక్‌లో ఆడవాళ్ళకి రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వచ్చింది 1940లో. అది కూడదని ఆ ఏడు కార్డినల్ విల్‌నవ్ బహిరంగంగా ప్రకటించాడు. చర్చి కాదన్న పని, ఆయనగారి మాట దాటి జరిగిందన్న మాట.

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నెత్తి మీద ఒకే అధికారం. దాన్ని ఎదిరించే దారి లేదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? అది దేన్ని ముట్టుకోవద్దంటుందో దాన్ని నోటితో ముట్టుకుంటాడు. 19వ శతాబ్దంలో ఈ తిట్లు బాగా ఊపందుకున్నాయి. ముఖ్యంగా అడవుల్లో కలప కొట్టే మొగవాళ్ళ దగ్గర. చలికాలమంతా మంచులో, కొయ్య గుడిసెల్లో, ఇల్లూవాకిలీ వదిలి నెలల తరబడి పని. అక్కడ పెళ్ళాంబిడ్డలు లేరు, చర్చి గంటా వినపడదు. నోటికి అడ్డేముంది?

ఆ గుడిసెల్లో పుట్టిన కథ ఒకటుంది. ఓనొరే బోగ్రాన్ అనే రచయిత 1892 ప్రాంతంలో దాన్ని అచ్చుకెక్కించాడు. కొత్త సంవత్సరం ముందు రాత్రి. కలప కూలీలకి ఇంటి మీద గాలి మళ్ళింది. సైతానుతో బేరం పెట్టుకున్నారు. వాడు వాళ్ళ పడవని ఆకాశంలో ఎగరేసి, ఊళ్ళో ప్రియురాళ్ళ దగ్గర దింపి, తెల్లవారేలోగా వెనక్కి తెస్తాడు. షరతు ఏమిటంటే, దారిలో దేవుడి పేరు నోట రాకూడదు, చర్చి గోపురం మీది శిలువకి పడవ తగలకూడదు. తప్పితే వాళ్ళ ఆత్మలు సైతానువే. తిరుగుదారిలో చుక్కాని పట్టినవాడు తాగేసి ఉన్నాడు. మిగతావాళ్ళకి ప్రాణాలు గుప్పిట్లోకి వచ్చాయి. పడవ కూలుతుందని మాత్రమే కాదు, వీడి నోట్లోంచి ఎక్కడ తిట్టు ఊడిపడుతుందో అని! ఆ జనానికి తిట్టంటే ఎంత భయమో, అది లేకుండా ఒక్క రాత్రి గడవడం ఎంత కష్టమో ఈ ఒక్క కథలో తెలుస్తుంది.

మరి ఆడవాళ్ళు తిట్టలేదా? బొటనవేలు ఆడవాళ్ళకీ ఉంటుంది కదండీ. కాని మర్యాదస్థురాలు తబర్నాక్ అనకూడదు. అంటే ఆదివారం గురువుగారి దగ్గర పాపం ఒప్పుకోవాలి. అందుకని మాటని సగం పలికి మిగతా సగం మార్చేశారు. "తబర్" దాకా వచ్చి "తబర్నూష్" అన్నారు, "తబర్వెత్" అన్నారు. ఈ రెంటికీ అర్థం లేదు. "కాలిస్" అనబోయి "కాలీన్" అన్నారు, ఆ ధ్వనిలో ముద్దూ మురిపెం ఉన్నాయి. "సిబ్వార్" కాస్తా "సిబోల్" అయింది. దేవుడికి కోపం రాదు, మన కోపం తీరుతుంది.

ఈ సగం మాటలతో మనకో కొలబద్ద దొరుకుతుంది. ఏ మాటకైనా ఇలా మెత్తబరిచిన రూపం ఉందీ అంటే, అసలు మాటకి పదును ఉన్నట్టే. నిప్పు లేనిదే పట్టకారు ఎందుకు? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "నీ ఇల్లు బంగారం గానూ!" అని విసుక్కోవడం మీరు వినే ఉంటారు. ఆ గొంతు దీవించే గొంతు కాదు. నోటిదాకా వచ్చింది ఇల్లు కూలిపోవాలనో, గుల్లైపోవాలనో. పిల్లవాడికి తగులుతుందేమో అని చివరి క్షణంలో దాన్ని బంగారం చేశారు. క్విబెక్ అమ్మమ్మ తబర్నూష్ అన్నా, మన అమ్మమ్మ బంగారం అన్నా చేసిన పని ఒక్కటే. ఆవిడ భయపడింది దేవుడి గిన్నెకి, ఈవిడ భయపడింది మాట ఫలిస్తుందేమో అని. అంతే తేడా.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1960లో జాన్ లెసాజ్ ప్రభుత్వం వచ్చింది. పదేళ్ళలో బడులూ ఆస్పత్రులూ చర్చి చేతుల్లోంచి ప్రభుత్వం చేతుల్లోకి వెళ్ళాయి. 1961లో మొట్టమొదటిసారి ఒక స్త్రీ, క్లెయిర్ కర్క్‌లాండ్, ఆ శాసనసభకి గెలిచింది. పెళ్ళయిన ఆడది భర్త సంతకం లేకుండా తన వ్యవహారాలు తాను చూసుకోవచ్చని 1964లో ఆవిడే చట్టం తెచ్చింది. ఆదివారం చర్చిలు వెలవెలపోవడం మొదలైంది. ఈ మార్పుని అక్కడివాళ్ళు నిశ్శబ్ద విప్లవం అంటారు. చిత్రమేమిటంటే, విప్లవం నిశ్శబ్దంగా జరిగింది గాని తిట్లు మాత్రం నిశ్శబ్దం కాలేదు. గుళ్ళో మందసాన్ని ఎన్నడూ చూడని కుర్రాళ్ళు కూడా తబర్నాక్ అంటూనే ఉన్నారు. మెక్సికో సముద్రతీరాల్లో క్విబెక్ యాత్రికులకి "తబర్నాకోస్" అనే ముద్దుపేరు కూడా వచ్చింది!

2006లో మాంట్రియల్ కాథలిక్ చర్చి ఒక గడుసు పని చేసింది. ఊళ్ళో పెద్ద పెద్ద ప్రకటన పలకల మీద ఈ తిట్లనే ఒక్కొక్కటిగా రాయించింది. చూసినవాళ్ళు అదిరిపడ్డారు. దగ్గరికెళ్ళి చదివితే కింద నిఘంటువులో ఉన్నట్టు అసలు అర్థం ఉంది: ఇది ఫలానా పాత్ర, ఇందులో ఫలానాది ఉంచుతారు అని. "నాయనా, రోజూ నువ్వు నోట్లో వేసుకుని తిప్పే మాట ఇదీ" అని చెప్పడం అన్న మాట. ఒకప్పుడు ఆ మాట అన్నందుకు నాలుక కోస్తామన్నారు. ఇప్పుడు ఆ మాటకి అర్థం గుర్తు చెయ్యవలసి వచ్చింది.

అయితే ఒక జాగ్రత్త. చర్చి పెత్తనం ఎక్కడుంటే అక్కడల్లా ఇలాంటి తిట్లే పుడతాయని సూత్రం కట్టడానికి లేదు. పోలండు కరడుగట్టిన కాథలిక్ దేశం. అక్కడ రోజుకి నూరుసార్లు వినపడే తిట్టు వేశ్య అనే మాట. స్పెయిన్‌లో మాత్రం ఆ అప్పం మాట తిట్టుగా ఉంది. పెత్తనం ఒక్కటే చాలదు; తమదైన ఇంకో దిక్కు లేకపోవడం, అడవి గుడిసెలు, ఇంగ్లీషు వాళ్ళ మధ్య మనదే అనుకునే ఒక ప్రత్యేకత, ఇవన్నీ కలిస్తేనే క్విబెక్ తిట్టు తయారైంది.

ఇక మన సంగతి. మనకీ దేవుళ్ళకి కొదవ లేదు, గుళ్ళకి కొదవ లేదు. మరి మన తిట్లలో గుడి ఎందుకు లేదు? నిజానికి గుడి మన నోట్లో బోలెడంత ఉంది, కాని తిట్టుగా కాదు, వేళాకోళంగా. మోసం చేసినవాడు "శఠగోపం పెట్టాడు", "పంగనామాలు పెట్టాడు". డబ్బు పోతే "గోవిందా!" ఆపేస్తే "మంగళం పాడేశాడు". ఈ మాటలు గుడి మెట్ల మీద కూచుని అన్నా పూజారిగారు కూడా నవ్వుతారు. భద్రాద్రి రామదాసు రాముణ్ణి నిలదీసి కేకలేస్తే దాన్ని భక్తి అన్నాం, కీర్తన చేసి పాడుకున్నాం. దేవుణ్ణి తిట్టడానికి చనువున్న చోట దేవుడి పేరు తిట్టుగా పనికిరాదు.

మరి మనకి దేని పేరు పనికొచ్చింది? కొంచెం ఆగి ఆలోచించండి. మగపిల్లవాణ్ణి మనం రోజూ పిలిచే "వెధవ" అన్న మాట ఏమిటి? సంస్కృతంలో విధవ. అంటే భర్త పోయిన స్త్రీ. ఆడదాని మీద విసిరే "ముండ" అన్న మాట ఏమిటి? తల గొరిగించిన మనిషి అని. భర్త పోయినవాళ్ళకి తల తీయించే రోజుల్లోంచి వచ్చింది. క్విబెక్ వాళ్ళు తిట్టడానికి ఊరందరికంటే ఎత్తున ఉన్నదాన్ని ఎంచుకున్నారు. మనం ఊరందరికంటే కింద కూచోబెట్టినదాన్ని ఎంచుకున్నాం. వాళ్ళది పైకి విసిరిన రాయి, మనది కిందికి విసిరిన రాయి.

వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించారు. తల తీయించే ఆచారం పోయింది. ఆచారం పోయినా మాట పోలేదు, మందసం మరుగున పడ్డా తబర్నాక్ మిగిలినట్టే. "వెధవ" అయితే అరిగి అరిగి మెత్తబడింది. కొడుకు అల్లరి చేస్తే "ఒరే వెధవాయ్" అని నవ్వుతూ అంటుంది తల్లి, వాడూ నవ్వుతాడు. కాని ఆడదాని మీద పడే ఆ రెండో మాట మెత్తబడలేదు. దానికి ముద్దు రూపం పుట్టలేదు. ఇప్పటికీ అది పడ్డ చోట గాయం అవుతుంది. మగవాడి మీద పడ్డ మాట అరిగి, ఆడదాని మీద పడ్డ మాట పదునుగా ఎందుకు నిలిచిందో పండితులు చెప్పనక్కర్లేదు, మనకే తెలుసు.

గిన్నెని తిడితే గిన్నెకి నొప్పి లేదు. మందసంలోంచి ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు. మన తిట్టులో ఉన్నది గిన్నె కాదు, మనిషి. ఏ ఇంట్లోనో మూల గదిలో, మైలచీర కట్టుకుని, శుభకార్యానికి ఎదురు రాకుండా గడిపిన మనిషి. ఆవిడ మన ముత్తవ్వో, ముత్తవ్వగారి చెల్లెలో అయి ఉంటుంది. కోపం రావడం ఎవరికీ తప్పదు. సుత్తి అప్పుడప్పుడు బొటనవేలి మీదే పడుతుంది. అప్పుడు ఏ మాట అనుకోవాలో తోచకపోతే, నన్నడిగితే, తబర్నూష్ బావుంటుంది.